స్కాన్‌లో నీటి బుడగలు లేవు, అయినా పీసీఓఎస్ అంటున్నారు

నీలిమేఘం: నాకు పంతొమ్మిదేళ్లు. పన్నెండో ఏట రజస్వలనయ్యాను. నెలసరి రెండు నెలలకోసారి వస్తుంది. దవడ వెంట మొటిమలు, గడ్డం కింద ముదురు వెంట్రుకలు. స్కాన్‌లో అండాశయాలు మామూలుగా ఉన్నాయి, రక్తంలో పురుష హార్మోను టెస్టోస్టిరాన్ కూడా నార్మల్. అయినా డాక్టరు పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోను జబ్బు ఉందని మాత్రలు రాశారు. రిపోర్టుల్లో ఏమీ లేనప్పుడు జబ్బు ఎలా అవుతుంది? మాత్రలు వాడితే వెంట్రుకలు పోతాయా?

తులసికోట: బుడగలు లేకపోతే పీసీఓఎస్ కాదు. పేరులోనే పాలీసిస్టిక్ అని, అంటే బోలెడు బుడగలని ఉంది కదా! వెంటనే డాక్టరును మార్చండి. ఇంకో మాట, గడ్డం మీద రేజరు మాత్రం పెట్టకండి. గీసినకొద్దీ దట్టంగా వస్తాయి.

వానచినుకు: రేజరు మాట తప్పు. వెంట్రుక మొదలు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడికి చేరదు. కోసిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. ఈ మాట నమ్మి కాలేజీ రోజులన్నీ ముఖానికి చున్నీ కప్పుకుని తిరిగాను. దయచేసి ఇంకో అమ్మాయిని భయపెట్టకండి.

తులసికోట: మా చెల్లెలికి గీశాకే పెరిగాయి. కళ్లారా చూశాను.

వానచినుకు: హార్మోను పెరుగుతూ ఉంటే గీసినా గీయకపోయినా పెరుగుతాయి. ఆ నేరం రేజరుకు అంటగట్టకండి.

హార్మోన్ల వార్డు: ఈ విభాగంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను, కాబట్టి స్కాన్ సంగతి గట్టిగానే చెబుతాను. స్కాన్‌లో కనిపించేవి అసలు తిత్తులే కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు. రజస్వలై ఎనిమిదేళ్లు దాటని అమ్మాయిల్లో జబ్బు లేకపోయినా అవి ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఈ వయసులో స్కాన్‌ను బట్టి పీసీఓఎస్ అనీ అనరు, కాదనీ అనరు. నెలసరి తప్పడం, పురుష హార్మోను లక్షణాలు, రెండూ ఉన్నాయా అని చూస్తారు. నీలిమేఘానికి రెండూ ఉన్నాయి. థైరాయిడ్, పాల హార్మోను ప్రొలాక్టిన్, అడ్రినల్ గ్రంథి లోపాన్ని పట్టించే 17-ఓహెచ్ ప్రొజెస్టిరాన్ చూశారా? ఇవే లక్షణాలు వాటి తేడాతోనూ రావచ్చు.

ఇద్దరాడపిల్లల తల్లి: మా పెద్దదానికి పదమూడేళ్లు. రజస్వలై ఏడాదిన్నర. నలభై రోజులకోసారి వస్తోంది. ఇదీ అదేనా? రాత్రంతా నిద్ర లేదు.

హార్మోన్ల వార్డు: కాదమ్మా. మొదటి ఏడాది గడిచాక మూడో ఏడాది వరకు నలభై అయిదు రోజుల దాకా ఎడం మామూలే. మూడేళ్లు దాటాక ముప్పై అయిదు రోజులు మించితే తేడాగా లెక్కిస్తారు. ఇప్పటికి తేదీలు రాసిపెట్టుకోండి.

సన్నజాజి: బరువు తగ్గితే అన్నీ సర్దుకుంటాయని ఇక్కడ ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నాను. నేను సన్నగానే ఉంటాను, నాకూ ఉంది. బరువు తగ్గమనే సలహా విని విని విసిగిపోయాను.

తులసికోట: బరువు మాట నేను అనలేదు. రక్తం రిపోర్టు నార్మల్ అని ఉంది కదా, దానికేమంటారు?

ల్యాబ్ బల్ల: అక్కడే చిక్కుంది. రిపోర్టులో కనిపించేది మొత్తం టెస్టోస్టిరాన్. అందులో చాలా భాగాన్ని ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ పట్టి ఉంచుతుంది. మిగిలిన కొంచెమే చర్మం మీద, వెంట్రుకల మీద పనిచేస్తుంది. ఇద్దరమ్మాయిలకూ మొత్తం లీటరుకు 1.5 నానోమోల్ అనుకోండి. అదే కొలతలో ఒకరికి ఎస్‌హెచ్‌బీజీ 60, ఇంకొకరికి 20. మొత్తాన్ని దానితో భాగించి నూరుతో గుణిస్తే మొదటి అమ్మాయికి 2.5, రెండో అమ్మాయికి 7.5. రిపోర్టులో ఇద్దరిదీ ఒకే అంకె, ఒంట్లో మూడింతల తేడా. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం ఈ ప్రొటీన్‌ను తక్కువగా తయారు చేస్తుంది. అదే ఇన్సులిన్ అండాశయంతో టెస్టోస్టిరాన్‌ను ఎక్కువ చేయిస్తుంది. నీలిమేఘం గారూ, రక్తం ఇచ్చినప్పుడు ఏవైనా మాత్రలు వాడుతున్నారా?

నీలిమేఘం: చర్మం డాక్టరు మొటిమలకని గర్భనిరోధక మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటూనే రక్తం ఇచ్చాను. ఎవరూ అడగలేదు.

ల్యాబ్ బల్ల: అయితే ఆ నార్మల్‌కు విలువ లేదు. ఆ మాత్రలు ఎస్‌హెచ్‌బీజీని పెంచి టెస్టోస్టిరాన్‌ను దించుతాయి. నమ్మదగిన అంకె కావాలంటే కనీసం మూడు నెలలు ఆపి పరీక్షించాలి.

హార్మోన్ల వార్డు: ఊరికే అంకె కోసం ఆపమని నేను అనను. లక్షణాలు స్పష్టంగానే ఉన్నాయి. ఆపితే మొటిమలు ఇంకా పెరగవచ్చు.

ల్యాబ్ బల్ల: పంతొమ్మిదేళ్ల అమ్మాయికి జీవితాంతం ఉండే పేరు పెడుతున్నప్పుడు సరైన పరీక్ష ఒకటైనా ఉండాలి. ఇందులో మీతో ఏకీభవించను.

సన్నజాజి: మీ వాదనలో వెంట్రుకల ప్రశ్న పోయింది. మాత్రలు వాడాక నాకు మొటిమలు మూడు నెలల్లో తగ్గుముఖం పట్టాయి. వెంట్రుకలకు ఆరు నెలలు పైనే పట్టింది. కొత్తవి పలచబడ్డాయి కానీ అప్పటికే ముదిరినవి పోలేదు. వాటికి లేజర్ చేయించాను. హార్మోను అదుపులో లేకుండా లేజర్ చేయిస్తే మళ్లీ వస్తాయి.

వానచినుకు: వెంట్రుకలు తగ్గడానికి స్పైరనోలాక్టోన్ అనే మందు రాస్తే ఒక జాగ్రత్త. అది వాడుతూ గర్భం దాల్చకూడదు, కడుపులోది మగబిడ్డైతే ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇద్దరాడపిల్లల తల్లి: గొంతు కూడా బొంగురుపోతుందని విన్నాను, నిజమేనా?

హార్మోన్ల వార్డు: పీసీఓఎస్‌లో అలా కాదు. కొన్ని నెలల్లోనే గొంతు మారి, వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగితే అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాలి. అప్పుడు ఆలస్యం చేయకూడదు. నీలిమేఘం, మీకు ఇవి ఎప్పుడు మొదలయ్యాయి?

నీలిమేఘం: పదిహేనో ఏట నుంచి, మెల్లగా. గొంతులో తేడా లేదు. 17-ఓహెచ్ పరీక్ష నా రిపోర్టుల్లో కనిపించలేదు. రేపు అడుగుతాను.