ఒకే బోరు నీటికి రెండు ఫ్లోరైడ్ ఫలితాలు: తేడా 25 శాతమా, 20 శాతమా?

బోరుబావి: మా ఊరి బోరులో ఒకే బిందెలో పట్టిన నీటిని రెండు సీసాల్లో నింపి రెండు ల్యాబులకు పంపాను. ఫ్లోరైడ్ లీటరుకు 1.2 మిల్లీగ్రాములని ఒక ల్యాబు, 1.5 అని మరొకటి ఇచ్చాయి. తేడా 25 శాతమని ఒకరు, 20 శాతమని ఒకరు అంటున్నారు. గ్రామసభకు ఇచ్చే కాగితంలో ఏది రాయాలి?

లెక్కల పుస్తకం: 25 శాతమే సరైనదండీ. లాభనష్టాల లెక్కల్లో కొన్న ధర మీదే శాతం కట్టేవాళ్లం కదా. ఇక్కడ 1.2 చిన్నది కాబట్టి దాన్ని కొన్న ధరలా తీసుకుని, పెరిగిన 0.3ను దానితో భాగించాలి.

పాత ల్యాబు మనిషి: లాభనష్టాల్లో కొన్న ధర మీద శాతం కట్టేది అది చిన్నదని కాదు, అది ముందు జరిగిందని. నష్టం వచ్చినప్పుడు కొన్న ధరే పెద్దది, అయినా శాతం దాని మీదే కడతాం. ఈ రెండు సీసాల్లో ఏదీ ముందుది కాదు, ఏదీ మరొకదానికి ప్రమాణం కాదు. అందుకే నేను ల్యాబులో ఉన్నన్నాళ్లూ డూప్లికేట్ల, అంటే ఒకే నీటికి వచ్చిన రెండు ఫలితాల, తేడాను ఆ రెండింటి సగటుతో భాగించేవాళ్లం. ఇక్కడ సగటు 1.35 కాబట్టి, 0.3ను దానితో భాగిస్తే 22.2 శాతం వస్తుంది. ల్యాబుల పేర్లు తారుమారు చేసినా ఈ సంఖ్య మారదు.

ఇది మాటల పట్టింపు అనుకోవద్దు. డూప్లికేట్ల మధ్య తేడా 20 శాతం దాటితే నమూనాను మళ్లీ పరీక్షించాలన్నది మా దగ్గర నియమం. ఈ జతనే తీసుకుని 1.5తో భాగించిన వారికి సరిగ్గా 20 వస్తుంది, మళ్లీ పరీక్షించనక్కరలేదు. 1.2తో భాగించిన వారికి 25 వస్తుంది, పరీక్షించాలి. నీళ్లు అవే, యంత్రాలు అవే, భాగించే సంఖ్య ఒక్కటి మారితే తీర్పు తలకిందులవుతోంది. సగటుతో భాగించడం ముందే నియమంగా రాసి ఉంటే, తనకు అనుకూలమైన సంఖ్యను ఎంచుకునే వీలు ఎవరికీ ఉండదు.

వానాకాలం: మా బోరులో వేసవిలో 1.8 ఉండేది, వానలు పడ్డాక 1.2కు దిగింది. మీ పద్ధతిలో 0.6ను 1.5తో భాగించి 40 శాతం తగ్గిందని చెప్పవచ్చా?

పాత ల్యాబు మనిషి: చెప్పకూడదు. మీది వేరే ప్రశ్న. వేసవి ముందు, వానలు తర్వాత కాబట్టి 1.8 దానంతటదే ఆధారమవుతుంది, 33.3 శాతం తగ్గినట్టు. వచ్చే వేసవికి 1.2 మళ్లీ 1.8 అయితే అది 50 శాతం పెరగడం. ఈ రెండూ సమానంగా రాలేదని కంగారు పడనవసరం లేదు, ఆధారం మారింది కనుక అలా వస్తుంది.

మిల్లీగ్రాము: సగటు పద్ధతిని కాదనను, కానీ దానికీ హద్దులున్నాయి. అదే రెండు ల్యాబులు వేరే బోరుకు 0.10, 0.15 ఇచ్చాయనుకోండి. సగటు మీద తేడా 40 శాతం, చూడగానే భయం వేస్తుంది. నిజానికి అది లీటరుకు 0.05 మిల్లీగ్రాములే, పరికరం కొలవగలిగే అడుగు అంచున ఆ మాత్రం ఊగిసలాట ఉంటుంది. అంత చిన్న విలువల దగ్గర శాతాన్ని పక్కన పెట్టి తేడానే రాయాలి.

అసలు గ్రామసభకు ఈ శాతం ఎందుకని నా ప్రశ్న. బీఐఎస్ తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు ఆమోదయోగ్య పరిమితి 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠం 1.5. రెండు ఫలితాలూ మొదటి గీత దాటాయి, ఒకటి రెండో గీత మీదే నిలబడింది. ఊరివాళ్లకు కావలసింది ఈ విషయం.

పాత ల్యాబు మనిషి: ఊరివాళ్ల వరకు మీ మాట నిజమే, రెండు విలువలూ ముందు రాయాల్సిందే. అయితే ల్యాబులను నిలదీయడానికి శాతం కావాలి. అక్కడే దాన్ని పూర్తిగా వదిలేయడానికి నాకు మనసొప్పదు. ఇంకో మాట, సగటు 1.35 అసలు విలువ అని ఎవరూ అనుకోకూడదు, అది భాగించడానికి పెట్టుకున్న సంఖ్య మాత్రమే. ఎవరు తప్పారో తేలాలంటే లీటరుకు సరిగ్గా 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని, విలువ చెప్పకుండా, ఇద్దరికీ పంపాలి. అప్పుడు 1.0 నిజమైన ఆధారం, దాని మీదే ఎవరి తప్పు ఎంత శాతమో కట్టవచ్చు. బోరుబావి గారూ, రెండు రిపోర్టుల్లో పరీక్షా పద్ధతి ఏమని ఉంది? రంగు పద్ధతిలో నీటిలో అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ తక్కువగా చూపిస్తుంది.

బోరుబావి: 1.5 ఇచ్చిన కాగితం మీద ఎలక్ట్రోడ్ అని ఉంది, 1.2 ఇచ్చిన దాని మీద పద్ధతే రాయలేదు. రేపు ఫోన్ చేసి అడుగుతాను. గ్రామసభ కాగితంలో రెండు విలువలూ రాసి, పక్కన «సగటు మీద తేడా 22.2 శాతం» అని పెడతాను.

మిల్లీగ్రాము: పెట్టండి, కానీ ఆ «సగటు మీద» అన్న మాట మాత్రం వదలకండి. శాతం అక్కర్లేదన్న నా అభిప్రాయం అయితే మారలేదు.