పెంతెకొస్తు నాటి భాషలూ, నేడు మన సంఘాల్లో వినిపించే భాషలూ ఒకటేనా?

ప్రశ్న (మర్రిపాలెం వాసి): నేను లూథరన్ సంఘంలో పెరిగాను, వివాహమైన తరువాత మా ఆవిడతో పాటు గాజువాక వైపు ఉన్న ఒక పెంతెకొస్తు సంఘానికి వెళ్తున్నాను. భాషలు రాకపోతే పరిశుద్ధాత్మ బాప్తిస్మం పొందనట్టేనని అక్కడివారు చెబుతున్నారు. కానీ అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో జనులు తమ స్వభాషలోనే విన్నారు కదా, ఇక్కడ వినిపించేది ఎవరికీ అర్థం కాదు. ఈ రెండూ ఒకటేనా?

వాక్యప్రియుడు: ఒకటి కావని నా అభిప్రాయం. మేడగదిలో జరిగిన అద్భుతం వినేవారి చెవుల్లో జరిగింది. శిష్యులు తమ గలిలయ భాషలోనే మాట్లాడితే పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు ఎవరి భాషలో వారు విన్నారు. పైగా భాషలు నిలిచిపోతాయని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో చెప్పాడు. బైబిలు పూర్తయ్యాక ఆ వరం అవసరం తీరిపోయింది. ఇప్పుడు వినిపించేది ఉద్రేకం మాత్రమే.

సంఘపెద్ద, ఆరిలోవ: వాక్యప్రియుడు గారి మాటలో సగం నిజం ఉంది. జనులు స్వభాషల్లో విన్నారన్నది సత్యమే. అయితే ఆత్మ వాక్శక్తి అనుగ్రహించిన కొలది శిష్యులు అన్యభాషలతో మాట్లాడారని నాలుగో వచనం ముందే చెబుతోంది, కనుక అద్భుతాన్ని కేవలం చెవులకే పరిమితం చేయలేము. 13వ అధ్యాయం విషయానికి వస్తే, అక్కడ భాషలతో పాటు జ్ఞానం కూడా గతించిపోతుందని ఉంది. పూర్ణమైనది వచ్చినప్పుడు ముఖాముఖిగా చూస్తామని ఉంది కనుక, అది బైబిలు పూర్తికావడాన్ని కాక ప్రభువు రాకడను సూచిస్తుందని మేము గ్రహిస్తాము.

ఇక అసలు ప్రశ్న. మా ఉద్యమపు తొలి తరం ఈ రెండూ ఒకటేనని నిజంగా నమ్మింది. 1901లో అమెరికాలోని టొపీకాలో బైబిలు పాఠశాల నడిపిన ఛార్లెస్ పార్హామ్, భాషల వరం అంటే నేర్చుకోకుండానే పరదేశ భాష రావడమనీ, మిషనరీలు ఇక వ్యాకరణం చదవనక్కరలేదనీ బోధించాడు. 1906లో లాస్ ఏంజిల్స్‌లోని అజూసా వీధిలో విలియం సేమోర్ నడిపించిన కూటాల్లో ఆత్మాభిషేకం పొందిన ఆల్ఫ్రెడ్ గార్, తనకు బెంగాలీ వచ్చిందని నమ్మి భార్యతో ఓడెక్కి, 1907 నాటికి కలకత్తాలో ఉన్నాడు. అక్కడ బెంగాలీలో ప్రసంగించలేకపోయాడు. తరువాత హాంకాంగ్ వెళ్లినప్పుడు తర్జుమా చేసే సహోదరుని సహాయంతోనే బోధించాడు. అయినా ఆయన తన అనుభవాన్ని అబద్ధమని విడిచిపెట్టలేదు. భాషలు ప్రసంగానికి సాధనం కావని తెలుసుకున్నాడు, ఆత్మ బాప్తిస్మానికి గుర్తు అనే నమ్మకాన్ని మాత్రం నిలుపుకున్నాడు.

ఆ తరువాత పెంతెకొస్తు వారిలో అత్యధికులు అదే దారిన నడిచారు. అపొస్తలుల కార్యాల్లోని భాషలు మనుషులకు అర్థమైనవి. కొరింథులోని భాషలు, 14వ అధ్యాయం రెండో వచనం ప్రకారం, మనుషులతో కాక దేవునితో మాట్లాడేవి. మన సంఘాల్లో వినిపించేది ప్రధానంగా ఈ రెండో రకం ప్రార్థన.

మర్రిపాలెం వాసి: అయ్యగారూ, మీ వివరణ అర్థమైంది. అయితే ఆ రెండో రకం రానివారికి ఆత్మ బాప్తిస్మం లేదని ఎలా అంటారు?

సంఘపెద్ద, ఆరిలోవ: కొర్నేలీ ఇంట్లోనూ, ఎఫెసులోనూ ఆత్మ దిగినప్పుడు భాషలు వినిపించాయి కనుక అదే తొలి గుర్తని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో తన విశ్వాస ప్రకటనలో వ్రాసుకుంది. అందరూ దీనిని అంగీకరించలేదు. స్వస్థత పరిచర్యలో పేరుపొందిన ఎఫ్. ఎఫ్. బాస్వర్త్ ఈ ఒక్క విషయం మీదనే 1918లో ఆ సంస్థను విడిచిపెట్టారు. సమరయ సంగతి చెప్పే ఎనిమిదో అధ్యాయంలో భాషల ప్రస్తావన లేదు, అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు 12వ అధ్యాయంలో అడిగిన తీరుకు లేదన్నదే జవాబు. 1960ల నుండి ఆంగ్లికన్, కథోలిక సంఘాల్లో వ్యాపించిన కరిస్మాటిక్ ఉద్యమంలో చాలామంది భాషలను అనేక వరాల్లో ఒకటిగానే చూస్తారు. నేను తొలి గుర్తును నమ్మేవాడినే. కానీ భాషలు రాలేదని ఒక సహోదరుని రక్షణను అనుమానించడం, అక్షరాలను పదేపదే పలికించి నాలుక తిప్పడం నేర్పడం నాకు ఎంతో వేదన కలిగించే పనులు. నేర్పితే వచ్చేది వరం ఎలా అవుతుంది?

జ్ఞానాపురం సోదరి: మా అమ్మగారి విషయం ఇక్కడ చెప్పవచ్చునో లేదో తెలియదు, కానీ నాకు ఇదే ముఖ్యమైన ప్రశ్న. ఒక స్వస్థత కూటంలో మధుమేహం పోయిందని ప్రకటించారు. ఆమె నిజంగానే తేలికగా, సంతోషంగా ఉన్నారు. మాత్రలు మానేశారు, మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని అక్కడి పెద్దలు చెప్పారట. నేను కథోలికురాలిని, మా ధ్యానకూటాల్లోనూ స్వస్థత ప్రార్థనలు జరుగుతాయి, కానీ మందులు మానమని ఎవరూ చెప్పలేదు. దయచేసి ఏం చేయాలో చెప్పండి.

ప్రయోగశాల ఉద్యోగి: అక్కా, వేదాంతం నాకు అంతగా తెలియదు, రక్తపరీక్షలు మాత్రం రోజూ చేస్తాను. చక్కెర ఎక్కువగా ఉన్నా మనిషికి ఏ బాధా తెలియకపోవచ్చు, కనుక తేలికగా ఉండటాన్ని బట్టి తగ్గిందని నిర్ణయించకూడదు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. కానీ మాత్రలు మానిన వెంటనే చేయిస్తే అందులో మాత్రలు వాడిన రోజుల ప్రభావం కూడా కలిసి ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. మూడు నెలలు వేచి చూడవద్దు. ఈ రోజే పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి చూపించి, ఆ అంకెలతో వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మగతలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి.

సంఘపెద్ద, ఆరిలోవ: సోదరీ, మీ అమ్మగారితో ఈ మాట చెప్పండి. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి, వెళ్లి యాజకునికి కనబడమన్నాడు. ఆనాడు శుద్ధిని పరీక్షించి ప్రకటించే బాధ్యత యాజకునిది. స్వస్థపడినవాడు పరీక్షకు నిలబడటం అవిశ్వాసమైతే ప్రభువు అలా ఆజ్ఞాపించేవాడు కాడు. ఆయన పొందిన దెబ్బలలో మన దేహ స్వస్థత కూడా ఉందని మేము నమ్ముతాము, నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు మాటను ప్రతి ఆదివారం పాటిస్తాము. అయినా పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడు, తిమోతి కడుపు జబ్బుకు కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వారి విశ్వాసం తక్కువని ఎక్కడా వ్రాయలేదు. స్వస్థత కలిగి ఉంటే అది పరీక్షలో కనబడుతుంది, మాత్రలు తగ్గించే మాట వైద్యుడే చెబుతాడు.

వాక్యప్రియుడు: స్వస్థత విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. భాషల మీద మాత్రం ఒక అభ్యంతరం మిగిలింది. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వరుసగా మాట్లాడాలనీ, అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనతోను దేవునితోను మాట్లాడుకోవాలనీ 14వ అధ్యాయం ఆజ్ఞ. మైకు ముందు పాస్టరు గారు, కింద మూడు వందల మంది ఒకేసారి భాషలతో ప్రార్థించే మన కూటాల్లో ఆ ఆజ్ఞ ఎక్కడ ఉంది?

సంఘపెద్ద, ఆరిలోవ: సంఘానికి సందేశంగా ఒకరు లేచి పలికే భాషకు ఆ నియమం వర్తిస్తుందనీ, అందరూ కలిసి దేవుని స్తుతించేటప్పుడు వర్తించదనీ మా సేవకులు చెబుతారు. అయితే తెలియనివాడు లోపలికి వచ్చి మీరు వెర్రివారనుకుంటాడని 23వ వచనంలో పౌలు చెప్పినది అందరూ కలిసి మాట్లాడే సందర్భం గురించే కనుక, ఆ జవాబు నాకు పూర్తిగా తృప్తినివ్వదు. మా సంఘంలో బహిరంగ కూటాల్లో తెలుగులోనే ప్రార్థించాలని, భాషలను శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాము. దానివల్ల ఆత్మను ఆర్పుతున్నామని నొచ్చుకుని కొందరు వేరే సంఘానికి వెళ్లిపోయారు.

మర్రిపాలెం వాసి: ఈ ఆదివారం మా పాస్టరు గారిని 23వ వచనం గురించే అడుగుతాను. ఆయన ఏమన్నారో ఇక్కడ వ్రాస్తాను.