10 డిగ్రీల మూల దాటాక గోడ పక్కన 4 శాతం టోటల్ ప్రెషర్ ఎక్కడికి పోయింది?

కొత్తసెల్: విస్కాసిటీ లేకుండా, ఆయిలర్ సమీకరణాలతో రన్ చేశాను. గాలి, γ = 1.4, మాక్ 2, గోడ 10° బయటికి వంగుతుంది. సెల్స్ అన్నిచోట్లా 1 మి.మీ. గోడ మీద p2/p1 = 0.548 వచ్చింది, టేబుల్‌తో సరిపోయింది. కానీ మూల దాటిన దగ్గర్నుంచి గోడ పక్క సెల్స్‌లో మాక్ 2.385కి బదులు 2.36 వస్తోంది, టోటల్ ప్రెషర్ 4% తక్కువ. ప్రాంట్ల్-మేయర్ ఫ్యాన్‌లో ఎంట్రోపీ మారకూడదు కదా? మూల దగ్గర గ్రేడియంట్ అనంతం కాబట్టి నిజంగానే నష్టం ఉంటుందా, సాల్వర్ తప్పా? మూలను గుండ్రం చేసేయనా?

విమానంబాబు: నష్టం నిజమే. పుస్తకాల్లో ముందు నున్నగా వంగిన గోడ తీసుకుని ఐసెంట్రోపిక్ అంటారు, తర్వాత అదే ఫార్ములాని పదునైన మూలకీ వాడేస్తారు. వేగం ఒక్క బిందువు దగ్గర ఠక్కున మారితే నష్టం లేకుండా ఎలా ఉంటుంది? షాక్‌లోనూ అంతే కదా. మూలకి కొంచెం రేడియస్ ఇవ్వండి, గ్రేడియంట్ అదుపులోకి వస్తుంది, మీ 4% పోతుంది.

ఇంకోటి, ఫ్యాన్ వెడల్పు కూడా చూసుకోండి. మాక్ కోణం మొదట 30°, చివర 24.8°. అంటే ఫ్యాన్ 5.2° మాత్రమే ఉండాలి.

మాక్‌లైన్: బాబు గారూ, రేడియస్ మాట సగం నిజం, దానికి తర్వాత వస్తాను. ఫ్యాన్ వెడల్పు మాత్రం తప్పు. 24.8° అనేది వంగిన తర్వాతి గోడ నుంచి కొలిచేది. ఆ గోడ అప్పటికే 10° దిగింది కాబట్టి పాత దిశ నుంచి చూస్తే చివరి రేఖ 14.8° దగ్గర ఉంటుంది. ఫ్యాన్ 15.2°. కాంటూర్‌లో 5° ఫ్యాన్ కోసం వెతికితే మంచి రిజల్ట్‌ని కూడా చెడ్డదనుకుని పారేస్తారు.

ఇక షాక్‌తో పోలిక. షాక్ మందం ఎంత దూరం వెళ్లినా మారదు, కొన్ని మీన్ ఫ్రీ పాత్‌లే. ఫ్యాన్ అలా కాదు, మూల నుంచి దూరం జరిగేకొద్దీ విచ్చుకుంటుంది. మూల బిందువులో గ్రేడియంట్ అనంతమే, కాదనను. కానీ ఆ బిందువు గుండా పోయే గాలి ఎంత? సున్నా. గోడకి h ఎత్తున వస్తున్న గాలిని తీసుకోండి. ఈ కేసులో అది 30° రేఖని మూల నుంచి 2h దూరంలో తాకుతుంది, చివరి రేఖని సుమారు 3.35h దూరంలో దాటుతుంది. ఫ్యాన్ లోపల దాని ప్రయాణం దాదాపు 1.5h. గోడకి 1 మి.మీ. పైన పోయే గాలికి ఆ మలుపంతా 1.5 మి.మీ.లో జరుగుతుంది. సముద్రమట్టపు గాలిలో మీన్ ఫ్రీ పాత్ సుమారు 0.07 మైక్రాన్లు. అంటే ఇరవై వేల మీన్ ఫ్రీ పాత్‌లకు పైగా దూరంలో తాపీగా తిరుగుతోంది. నష్టం ఎక్కడిది?

ఇదే లెక్క ఇప్పుడు మీ మెష్‌కి పెట్టండి. గోడ పక్క మొదటి సెల్ కేంద్రం అర సెల్ ఎత్తున ఉంటుంది. దానికి ఫ్యాన్ పొడవు 1.5 × 0.5, అంటే ముప్పావు సెల్. 15° ఫ్యాన్ మొత్తం ఒక్క సెల్‌లోనే ఇరుక్కుంది! ఆ సెల్‌కి అది ఫ్యాన్‌లా కనిపించదు, గంతులా కనిపిస్తుంది. పదో సెల్ వరసకి వెళ్తే అదే ఫ్యాన్ 14 సెల్స్ మీద పరుచుకుంటుంది, అక్కడ మీకు నష్టం దాదాపు కనిపించదు. మీ 4% స్కీమ్‌లో ఉన్న కృత్రిమ విస్కాసిటీ పని. అక్కడ పుట్టిన ఎంట్రోపీ గోడ వెంట కిందికి కొట్టుకుపోతుంది, అందుకే గోడ పక్కన చారలా కనిపిస్తోంది.

టన్నెల్‌మావ: మా టన్నెల్‌లోనూ ఇదే గోల. మూల తర్వాత పీటో ట్యూబ్ పెడితే టోటల్ ప్రెషర్ సగానికి దగ్గరగా పడిపోయింది, 4% కాదు. పైగా స్టాటిక్ ట్యాప్స్‌లో ప్రెషర్ మూలకి కాస్త ముందు నుంచే తగ్గడం మొదలైంది. ఫ్యాన్ మూల దగ్గరే పుడుతుందన్న మాట కాగితం మీదే.

మాక్‌లైన్: మావా, అవి రెండు వేరే సంగతులు. సూపర్‌సోనిక్‌లో పీటో ముందు దాని సొంత షాక్ నిలబడుతుంది. మాక్ 2.385 దగ్గర ఆ షాక్ తర్వాత మిగిలేది అసలు టోటల్ ప్రెషర్‌లో 0.547 వంతు. మీరు చూసిన "సగం" అదే. p2/p1 కూడా ఇక్కడ 0.548 కావడం ఉత్త కాకతాళీయం, కానీ ఆ రెండు అంకెల్నీ కలిపేసుకునే వాళ్లున్నారు.

ట్యాప్స్ సంగతి మాత్రం ఫిజిక్సే. బౌండరీ లేయర్‌లో గోడని అంటుకున్న భాగం సబ్‌సోనిక్. మూల ఉందన్న కబురు దానిలోంచి ఎగువకి పాకుతుంది. అందుకే ప్రెషర్ ముందే జారడం మొదలుపెడుతుంది, మూల దాటాక కూడా వెంటనే 0.548కి రాదు, కొన్ని బౌండరీ లేయర్ మందాలు పడుతుంది. అడిగిన ప్రశ్నలో బౌండరీ లేయరే లేదు.

టన్నెల్‌మావ: సరే, పీటో మాట ఒప్పుకుంటాను. అయినా అసలు గోడ పక్కన బౌండరీ లేయర్ ఉండి తీరాలి, అందులో పోయే టోటల్ ప్రెషర్ ముందు మీ 4% ఏపాటి? ఆయిలర్‌లో ఒక్క సెల్ కోసం ఇంత రభస ఎందుకు?

సాల్వర్‌సుబ్బు: ఎందుకంటే ఆ ఒక్క సెల్ దిగువన జరిగే ప్రవాహాన్ని కూడా పాడుచేస్తుంది. వుడ్‌వర్డ్, కొలెల్లా 1984లో వేసిన మాక్ 3 మెట్టు కేసు చూడండి. ఓపెన్‌ఫోమ్‌లో `rhoCentralFoam` ట్యుటోరియల్స్‌లో `forwardStep` అదే. మెట్టు మూల ఫ్యాన్‌కి కేంద్రం. అక్కడ పుట్టిన దొంగ ఎంట్రోపీ మెట్టు మీద పల్చటి పొరలా పాకుతుంది. పైనుంచి తిరిగొచ్చిన షాక్ ఆ పొర మీద పడ్డప్పుడు, ఉండకూడని చోట మాక్ స్టెమ్ నిలబడుతుంది. చూసినవాళ్లు అదే నిజమైన ప్రవాహం అనుకుంటారు.

వాళ్లు చేసిన మరమ్మతు: మూల దాటగానే ఉన్న కొన్ని సెల్స్‌లో ప్రెషర్‌ని ముట్టుకోకుండా, ఎంట్రోపీ మూలకి ముందున్న సెల్‌తో సమానమయ్యేలా డెన్సిటీని సరిచేయడం. టోటల్ ఎంథాల్పీ కూడా సరిపోయేలా వేగం పరిమాణం మార్చడం, దిశ మాత్రం అలాగే ఉంచడం. కొత్తసెల్ గారికీ అదే చెప్తాను.

కొత్తసెల్: ప్రెషర్ మాత్రం కరెక్టుగా ఎలా వచ్చింది సార్? అది కూడా చెడిపోవాలి కదా?

మాక్‌లైన్: చెడిన పొర మందం ఒకటి రెండు సెల్స్. అంత పల్చటి పొరకి అడ్డంగా ప్రెషర్ మారదు, బయటి ప్రవాహం ఎంత చెబితే గోడ మీద అంతే. కాబట్టి ప్రెషర్ సరిగ్గా ఉండి ఎంట్రోపీ పెరిగింది. లెక్క కట్టి చూడండి: సరైన p0/p2 = 14.28. అందులో 4% తీసేస్తే 13.71. దానికి మాక్ 2.36. మీకు వచ్చింది అదే. ఉష్ణోగ్రత సుమారు 1.2% ఎక్కువ, డెన్సిటీ అంతమేర తక్కువ ఉండాలి. అలా ఉంటే రోగం ఇదే. టోటల్ టెంపరేచర్ కూడా బాగా తేడాగా ఉంటే మాత్రం గోడ బౌండరీ కండిషన్‌ని అనుమానించండి.

టేబుల్ చేతిలో లేకపోతే:

```python
from math import sqrt, atan, degrees
def nu(M, g=1.4):
    k = sqrt((g+1)/(g-1)); b = sqrt(M*M-1)
    return degrees(k*atan(b/k) - atan(b))
```

`nu(2)` 26.38 ఇవ్వాలి, `nu(2.385)` 36.38.

విమానంబాబు: సరే, అయితే మెష్ సన్నం చేస్తే చాలుగా. 1 మి.మీ. బదులు పావు మి.మీ. పెడితే 4% కాస్తా 1% అవుతుంది.

మాక్‌లైన్: అవదు. ఈ గొడవలో జనం బోల్తాపడేది ఇక్కడే. పదునైన మూలకి సొంత కొలత అంటూ ఏదీ లేదు. ఆయిలర్ సమీకరణాలకీ లేదు. మెష్‌ని నాలుగో వంతుకి కుదిస్తే మూల దగ్గర బొమ్మ మొత్తం నాలుగో వంతుకి కుదురుతుంది, అంతే. మొదటి సెల్‌కి ఫ్యాన్ అప్పుడూ ముప్పావు సెల్లే. పొర పల్చనవుతుంది, సగటు లోపం తగ్గుతుంది, కానీ గోడ పక్క సెల్‌లో 4% అలాగే కూర్చుంటుంది. పరీక్ష తేలిక: రెండు మెష్‌లు రన్ చేసి, నష్టాన్ని మిల్లీమీటర్లతో కాకుండా సెల్ నంబరుతో గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది మెష్ సృష్టే.

మీ రేడియస్ ఇక్కడే పనికొస్తుంది. రేడియస్ ఇస్తే మూలకి ఒక కొలత వస్తుంది, అప్పుడు మెష్ సన్నం చేయడానికి అర్థం ఉంటుంది. చివరి మాక్ మారదు, ఎందుకంటే అది మొత్తం తిరిగిన 10° మీదే ఆధారపడుతుంది, ఎలా తిరిగిందన్న దాని మీద కాదు. కానీ వంపు మీద పదిహేను ఇరవై సెల్స్ లేకపోతే ఆ రేడియస్ ఉన్నా లేనట్టే. పైగా రేఖలన్నీ ఒక్క బిందువు నుంచి రావు, వంపు పొడవునా బయల్దేరతాయి. మూల దగ్గరి ఫీల్డ్‌ని టేబుల్‌తో పోల్చాలంటే ఇబ్బంది.

ఈ కేసుకి నేనైతే మూల కేంద్రంగా కిరణాల్లా విచ్చుకునే మెష్ వేస్తాను. 15.2°లో 30 కిరణాలు పెడితే ఒక్కోటి అర డిగ్రీ. అప్పుడు మూలకి ఎంత దగ్గరగా పోయే గాలైనా ఫ్యాన్‌ని 30 సెల్స్‌లో దాటుతుంది.

కొత్తసెల్: రెండూ చేశాను. అర మి.మీ. మెష్‌లో గోడ పక్క నష్టం 3.9%, సెల్ నంబరుతో గీస్తే గీతలు దాదాపు ఒకటే. కిరణాల మెష్‌లో 0.5%కి దిగింది. కానీ మూల దగ్గర సూదుల్లాంటి త్రికోణాల వల్ల టైమ్ స్టెప్ చచ్చేంత చిన్నదైంది, రన్ తొమ్మిది రెట్లు ఎక్కువసేపు పట్టింది.

సాల్వర్‌సుబ్బు: చూశారా, అందుకే నేను మరమ్మతు అన్నది. నాలుగైదు సెల్స్ సరిచేస్తే పని అయిపోయేది.

మాక్‌లైన్: ఏ నాలుగైదు సెల్స్? వాళ్లది చతురస్రాల మెష్, ఏ వరసలో ఎన్ని సెల్సో చేత్తో ఎంచుకోవచ్చు. త్రికోణాల మెష్‌లో ఆ ఎంపిక ఎవరిష్టం వాళ్లది, మెష్ మారినప్పుడల్లా మళ్లీ ఎంచుకోవాలి. పైగా అలా చేత్తో సర్దిన సెల్స్‌లో ఎనర్జీ కన్జర్వేషన్ తెగుతుంది. స్టెడీ కేసు కాబట్టి లోకల్ టైమ్ స్టెపింగ్ పెట్టుకుంటే ఆ తొమ్మిది రెట్లు చాలావరకు పోతుంది.

సాల్వర్‌సుబ్బు: మెట్టు కేసు స్టెడీ కాదుగా. దానికి మీ కిరణాల మెష్ ఎవరు భరిస్తారు?