మిర్చి వ్యాపారానికి కొత్త ఈఆర్‌పీ: యూఏటీలో ‘పాస్’ అని ఎప్పుడు రాయాలి, సంతకం ఎప్పుడు పెట్టాలి?

గుంటూరు అకౌంట్స్:
నమస్కారమండి. మాది ఎండుమిర్చి వ్యాపారం. యార్డులో కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, చెన్నై పార్టీలకు పంపుతాం. ఏప్రిల్ 1న కొత్త ఈఆర్‌పీలోకి మారాలని మా ఓనరుగారి పట్టుదల. వెండరు యూఏటీకి, అంటే మేం వాడి చూసి ఒప్పుకునే టెస్టింగుకు, మూడు రోజులు ఇచ్చి, తనే రాసిన టెస్ట్ స్క్రిప్టులు ఎక్సెల్‌లో పంపాడు. ‘సేల్స్ ఇన్వాయిస్ చేయండి, ఇన్వాయిస్ రావాలి’ అని ఉంటుంది, పక్కన పాస్/ఫెయిల్ గడి. అన్నీ పాసే అవుతున్నాయి, కానీ సంతకం పెట్టడానికి ధైర్యం చాలడం లేదు. ఇంకా ఏం చూడాలి? ఎన్ని తప్పులు మిగిలినా ఫర్వాలేదు? సంతకం ఎవరు పెట్టాలి?

ఆటోనగర్ స్టోర్స్:
మాది విజయవాడలో స్పేర్ పార్ట్స్ అండి. ముందు ఓపెనింగ్ స్టాకు సరిగ్గా ఎక్కించండి. మాకు ఒకే బేరింగు రెండు కోడ్‌లతో ఎక్కి, ఒకదాంట్లో మైనస్, ఇంకోదాంట్లో ప్లస్ కనిపించేది. స్టాకు కలిస్తే మిగతావి వాటంతటవే కలుస్తాయి.

బిల్లింగ్ కౌంటర్:
ఒక్క డిఫెక్ట్ తెరిచి ఉన్నా సంతకం పెట్టకండి మేడమ్. పెట్టాక వెండరు ఫోన్ ఎత్తడు. ఇంకోటి, ఈ-ఇన్వాయిస్ మాత్రం ముందు టెస్ట్ చేయలేరు, అది లైవ్‌లోకి వెళ్ళాకే తెలుస్తుంది.

బెజవాడ ఈఆర్‌పీ:
ఆటోనగర్ సర్ చెప్పింది డేటా ఎక్కించే పని. అదీ ముఖ్యమే, కానీ మేడమ్ అడిగింది అది కాదు. ఓపెనింగ్ స్టాకు నూటికి నూరు శాతం కలిసినా, మర్నాడు చేసే మొదటి అమ్మకం దాన్ని చెడగొట్టొచ్చు.

మేడమ్, మీ స్క్రిప్టుల్లో అంకెలు లేవు. ‘ఇన్వాయిస్ రావాలి’ అంటే తప్పుడు ఇన్వాయిస్ వచ్చినా పాసే. రావాల్సిన అంకెలను సిస్టమ్ తెరవకముందే కాగితం మీద లెక్కగట్టి స్క్రిప్టులో రాయాలి. అది కూడా ఒక్కో స్క్రీనుకు విడిగా కాదు, సరుకు కొన్న దగ్గర్నుంచి అమ్మేదాకా ఒకే గొలుసుగా రాయాలి. మీ వ్యాపారానికి నేనైతే ఇలా రాస్తాను. సెస్, కమీషన్, హమాలీ ప్రస్తుతానికి పక్కన పెడదాం.

100 టిక్కీలు కొన్నారు. కాటా బరువు 4,520 కిలోలు, గోనె ఒక్కోటి కిలో చొప్పున తీస్తే నికరం 4,420. క్వింటా రూ.14,000 లెక్కన కొనుగోలు విలువ రూ.6,18,800. ఇది కోల్డ్ స్టోరేజీ లొకేషన్‌లోకి వెళ్ళాలి.

తర్వాత 40 టిక్కీలు బయటికి తీశారు. పుస్తకం ప్రకారం వాటి బరువు 1,768 కిలోలు, కాటా మీద వచ్చింది 1,742. తరుగు 26 కిలోలు. కాటా బరువు మీదే చెన్నై పార్టీకి క్వింటా రూ.16,000 చొప్పున బిల్లు: రూ.2,78,720, ఐజీఎస్టీ 5 శాతం రూ.13,936, మొత్తం రూ.2,92,656.

ఇన్వాయిస్‌లో ఇవన్నీ సరిగ్గా వస్తాయి. మీ వాళ్ళు పాస్ అని టిక్కు పెట్టేది ఇక్కడే. అక్కడ ఆగకుండా స్టాక్ లెడ్జర్ తెరవండి. మిగలాల్సింది 60 టిక్కీలు, 2,652 కిలోలు, రూ.3,71,280. సిస్టమ్ అమ్మిన 1,742 మాత్రమే తీసేస్తే 2,678 చూపిస్తుంది. అంటే గోదాములో లేని 26 కిలోలు, రూ.3,640, పుస్తకంలో ఉంటాయి. ప్రతి లోడుకూ ఇది పేరుకుంటూ పోయి, ఏడాది చివర భౌతిక స్టాకు లెక్కలో గానీ బయటపడదు.

ఇంకో మాట. ఈ గొలుసును అడ్మిన్ లాగిన్‌తో నడపొద్దు. కాటా దగ్గర కూర్చునే అబ్బాయి తన లాగిన్‌తో, బిల్లు వేసేవాళ్ళు తమ లాగిన్‌తో చేయాలి. అడ్మిన్‌కు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి కాబట్టి పర్మిషన్ల తప్పులు ఒక్కటీ కనపడవు.

ఇక ఈ-ఇన్వాయిస్. టెస్ట్ చేయలేరన్నది నిజం కాదు బ్రదర్. ఈ-ఇన్వాయిస్‌లు నమోదు చేసే పోర్టల్ ఐఆర్‌పీకి శాండ్‌బాక్స్, అంటే టెస్టింగుకు విడిగా పెట్టిన సైటు ఉంది, అక్కడ ఐఆర్‌ఎన్ అనే నమోదు నంబరు వస్తుంది, చట్టపరంగా మాత్రం చెల్లదు. కొత్త ఆర్థిక సంవత్సరం కాబట్టి కొత్త బిల్లు సిరీస్‌తోనే పంపించి చూడండి. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు. `GNT/CHILLI/2627/00001` అందంగానే ఉంటుంది, కానీ 21 అక్షరాలు, తిరస్కరిస్తుంది. `GNT/2627/00001` అయితే 14.

గుంటూరు అకౌంట్స్:
చాలా థాంక్సండి. వెండరు సెట్ చేసిన సిరీస్ 18 అక్షరాలుంది, ఇప్పుడే లెక్కపెట్టాను! మరి డిఫెక్టుల లెక్క ఎలా రాసుకోవాలి? ఇప్పుడైతే అంతా వాట్సాప్ గ్రూపులో నడుస్తోంది.

బెజవాడ ఈఆర్‌పీ:
వాట్సాప్ వెంటనే ఆపేయండి. అక్కడ ‘అయిపోయింది సర్’ అన్న మెసేజి ఏ తప్పు గురించో నాలుగు రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఒక షీటు చాలు. ఒక్కో తప్పుకు నంబరు, ఏ స్క్రిప్టులో ఏ అడుగు, రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత, సిస్టమ్‌లోని డాక్యుమెంట్ నంబరు, ఎవరి లాగిన్, తీవ్రత. ‘స్టాకు తప్పు వస్తోంది’ అని రాస్తే వెండరు మూడు ప్రశ్నలు వేసి రెండు రోజులు తింటాడు. ‘2,652 రావాలి, 2,678 వచ్చింది’ అని రాస్తే నేరుగా పనిలోకి దిగుతాడు.

వెండరు ‘సరిచేశాం’ వరకే మార్చాలి. ‘మూసేశాం’ అన్నది తప్పు పట్టినవాళ్ళు మళ్ళీ నడిపి చూశాకే రాయాలి. తరుగు సరిచేశాక సేల్స్ రిటర్న్ కూడా నడపండి, అది కూడా అదే స్టాకును తాకుతుంది.

సంతకం సంగతికొస్తే, బిల్లింగ్ కౌంటర్ చెప్పినదాంట్లో సగం నిజం. డబ్బు, స్టాకు, పన్ను తప్పు వచ్చేవి, బిల్లే ఆగిపోయేవి సున్నా కావాలి, బేరం లేదు. చేత్తో సర్దుకోగలిగినవి కొన్ని మిగలొచ్చు, కానీ ఒక్కోదానికి ఎలా సర్దుకోవాలో, ఏ తేదీకి సరిచేస్తారో సంతకం కాగితంలోనే రాయించండి. ప్రింట్‌లో అక్షరం జరిగిందని గో-లైవ్ ఆపితే మీకే నష్టం. సంతకం ఐటీ వాళ్ళది కాదు: కొనుగోలు, గోదాము, అకౌంట్స్ ముగ్గురూ ఎవరి గొలుసుకు వాళ్ళు పెట్టాలి. ఈ షరతులు టెస్టింగ్ మొదలవకముందే ఓనరుగారి చేత ఒప్పించుకోండి, గో-లైవ్ ముందు రోజు రాత్రి ఎవరూ వినరు.

గుంటూరు అకౌంట్స్:
మీ గొలుసు నడిపామండి. సరిగ్గా 2,678 వచ్చింది! వెండరేమో ఇది డిఫెక్ట్ కాదు, చేంజ్ రిక్వెస్ట్, విడిగా డబ్బు కట్టాలంటున్నాడు.

బెజవాడ ఈఆర్‌పీ:
మొదట్లో సంతకాలు పెట్టుకున్న రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో తరుగు అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే డిఫెక్టే. లేకపోతే డబ్బు ఎవరిదన్నది మాట్లాడుకోవాలి. కానీ పేరేదైనా తీవ్రత మారదు, షీటులో పై వరుసలోనే ఉంచండి.

గుంటూరు అకౌంట్స్:
‘స్టాకు బరువు ప్రకారం’ అని మాత్రమే ఉంది. ఏ బరువో లేదు.

బిల్లింగ్ కౌంటర్:
రోజూ సాయంత్రం స్టాక్ అడ్జస్ట్‌మెంట్ వోచరు వేసుకుంటే సరిపోదా? రోజుకు రెండు మూడు లోడులేగా.

బెజవాడ ఈఆర్‌పీ:
వేయొచ్చు, కానీ లోడు వారీగా, లాట్ నంబరుతో వేయాలి. సీజన్‌లో లోడులు పెరిగితే ఒకరోజు మర్చిపోతారు. నేనైతే ఒప్పుకోను. అయితే ఆ తరుగును అమ్మిన సరుకు ఖర్చులో కలపాలా, విడి లెడ్జర్‌లో చూపాలా అన్నది మీ ఆడిటరుగారిని అడిగి స్క్రిప్టులో రాయండి, లేకపోతే వెండరు తనకు తోచింది చేస్తాడు.

ఆటోనగర్ స్టోర్స్:
కోల్డ్ స్టోరేజీలో చెమ్మ పట్టి బరువు పెరిగితే మరి?

గుంటూరు అకౌంట్స్:
అదీ జరుగుతుందండి. 40 టిక్కీలకు 1,775 కొట్టి చూశాను, బరువు ఎక్కువని సిస్టమ్ సేవ్ చేయడం లేదు. దీనికి ఇంకో డిఫెక్ట్ నంబరు వేసి షీటులో ఎక్కించాను.