వెదురు బోర్డు చీలింది: ఈసారి చెక్కా, ప్లాస్టిక్కా?

నరసన్నపేట వంటిల్లు: వెదురు బోర్డు కొన్నాక కత్తి పదును త్వరగా పోతోంది. ఇప్పుడు బోర్డు మధ్యలో నిలువునా చీలింది. చేపలు, కూరలు రెండూ దాని మీదే కోస్తాం. ఈసారి చెక్కది కొనాలా, ప్లాస్టిక్‌దా?

బొబ్బిలి వడ్రంగం: ముందు ఆ చీలిక ఎలా ఉందో చూడండి. గీత గీసినట్టు సూటిగా ఉంటే జిగురు విడిపోయిందన్నమాట. వెదురు బోర్డు ఒక్క ముక్క కాదండి, బద్దల్ని పక్కపక్కన అతికించి నొక్కి చేస్తారు. కడిగి గట్టు మీద పడుకోబెడితే పైవైపు ఆరిపోతుంది, అడుగు తడిగానే ఉంటుంది. తడివైపు ఉబ్బి, ఆరినవైపు ముడుచుకుంటే ఆ లాగుడంతా అతుకు మీదే పడుతుంది. చెక్కదైనా ఇలాగే వాడితే వంగి చీలుతుంది. కడగ్గానే తుడిచి, రెండువైపులా గాలి తగిలేలా నీడలో అంచు మీద నిలబెట్టండి. ఎండలో పెట్టొద్దు.

పదును విషయానికొస్తే, వెదురు గట్టిది, పైగా అందులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. అంచు తొందరగా మొద్దుబారడం అందుకే.

రాజాం రుచులు: అయితే టేకు కొనేయండి. నీళ్లకు చెడదు, కత్తికీ మంచిదే.

బొబ్బిలి వడ్రంగం: నీళ్ల సంగతి నిజమే. కానీ టేకులోనూ సిలికా ఉంది, టేకు పని చేస్తే మా ఉలికి మాటిమాటికీ సాన పట్టాల్సిందే. ఉద్దానం వైపు పనస చెక్క దొరుకుతుంది. బాగా ఆరినది, అంగుళం మందానికి తగ్గనిది తీసుకోండి. ఆవనూనె, నువ్వుల నూనె రాయకండి, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పల్చగా పట్టించి, రాత్రంతా వదిలేసి, మిగిలింది తుడిచేయండి.

పలాస పెద్దమ్మ: ఇంతకీ బోర్డు ఎందుకమ్మా? మా ఇంట్లో చేపలకీ కూరలకీ కత్తిపీటే.

నరసన్నపేట వంటిల్లు: మా కోడలికి కింద కూర్చుంటే మోకాళ్లు నొప్పి, పెద్దమ్మా. అందుకే గట్టు మీద కోస్తాం.

టెక్కలి కిచెన్: చేపలకి ప్లాస్టిక్ ఒకటి విడిగా పెట్టుకోండి. కొత్తగా ఉన్నప్పుడు సబ్బుతో కడిగితే శుభ్రపడుతుంది. గాట్లు పడ్డాక చిక్కు, వాటిలో కొవ్వు, మెత్తటి ముక్కలు ఇరుక్కుంటాయి, బ్రష్ కూడా లోపలికి దిగదు. వేలితో రాస్తే గరుకు తగిలిందంటే మార్చేయాలి. కడిగాక, లీటరు నీటికి 4 మిల్లీలీటర్ల వాసన లేని బ్లీచ్ ద్రవం కలిపి పోసి, కొన్ని నిమిషాలుంచి మంచినీళ్లతో కడగండి.

రాజాం రుచులు: చెక్క తడి పీల్చుకుంటుంది కదా, క్రిములు అందులోనే ఉండిపోవూ?

టెక్కలి కిచెన్: డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డీన్ క్లివర్ అనే శాస్త్రవేత్త బృందం పరీక్షించి చూసింది. చెక్క లోపలికి ఇంకిన క్రిములు పైకి రాకుండా మెల్లగా చచ్చిపోయాయి. గాట్లు పడ్డ ప్లాస్టిక్‌ని చేత్తో కడిగినా క్రిములు మిగిలాయి. అలాగని తడిసిన చెక్క సురక్షితమని కాదు.

బొబ్బిలి వడ్రంగం: నేనైతే చేపలకీ చెక్కే అంటాను, ఆరబెట్టే ఓపిక ఉంటేనే.

టెక్కలి కిచెన్: వానాకాలంలో మన తీరం గాలికి అది ఆరేదెప్పుడు? నా ఓటు ప్లాస్టిక్‌కే.