ఫ్లోరైడ్ ట్యూబులో తీసిన రక్తంలోనూ షుగర్ తగ్గిపోతుందా?

మాధవి
గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షకు మూడుసార్లు రక్తం తీస్తాం. మూడూ బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబులే. చివరిది తీశాక మూడూ కలిపి ల్యాబుకు పంపుతాం. మొదటి ట్యూబు అప్పటికి రెండు గంటలకు పైగా బల్ల మీద ఉంటుంది. ఫ్లోరైడ్ ఉంది కాబట్టి పరవాలేదని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా?

సుధాకర్
మీ సీనియర్ చెప్పింది సరైనదే. ఫ్లోరైడ్ పెట్టిందే అందుకు. మామూలు ట్యూబులో అయితే ఎర్రకణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. ఫ్లోరైడ్ ఆ దారిలో ఇనోలేజ్ అనే ఎంజైమును ఆపేస్తుంది. ఎంజైము ఆగిపోతే తినడం కూడా ఆగిపోతుంది. 24 గంటలు ఉంచినా విలువ నిలకడగా ఉంటుందని మేం వాడే ట్యూబుల డబ్బాతో వచ్చే కాగితంలోనే ఉంటుంది.

కిరణ్
రక్తంలో ఇన్సులిన్ ఉంటుంది కదా, ట్యూబులో కూడా అదే పనిచేసి షుగర్ తగ్గిస్తుందేమో?

పద్మజ
కిరణ్ గారూ, ఇన్సులిన్‌కు ఇందులో పాత్ర లేదు. ఎర్రకణంలోకి గ్లూకోజ్ వెళ్ళడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. ఎర్రకణంలో మైటోకాండ్రియా ఉండదు కాబట్టి దాని బతుకంతా గ్లూకోజ్‌ను విడగొట్టడం మీదే ఆధారపడి ఉంటుంది. ఒంట్లోంచి బయటికి తీసినంత మాత్రాన ఆ పని మానుకోదు.

సుధాకర్ గారూ, ఇనోలేజ్ గురించి మీరు చెప్పింది నిజమే. అక్కడి నుంచి మీరు తేల్చింది మాత్రం సరికాదు. గ్లూకోజ్ విడిపోయే దారిలో పది మెట్లున్నాయి, ఇనోలేజ్ తొమ్మిదో మెట్టు. గ్లూకోజ్ మాయమయ్యేది మొదటి మెట్టులోనే. అక్కడ హెక్సోకైనేజ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలించి గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. మన యంత్రం కొలిచేది గ్లూకోజ్‌ను మాత్రమే, అలా మారినది దానికి కనిపించదు. తొమ్మిదో మెట్టు దగ్గర దారి మూసినా మొదటి మెట్టు వెంటనే ఆగదు. దానికి కావలసిన ఏటీపీ కణంలో ఇంకా మిగిలి ఉంటుంది. అది తరిగిపోయాకే నిలుస్తుంది. అందుకే మొదటి గంటలో ఫ్లోరైడ్ ట్యూబుకూ మామూలు ట్యూబుకూ తగ్గుదలలో పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత ఫ్లోరైడ్ ట్యూబులో వేగం మందగించి, నాలుగు గంటలయ్యేసరికి దాదాపు ఆగిపోతుంది.

మీ కాగితం చెప్పే నిలకడ ఆ పడిపోయిన తర్వాతి నిలకడ. 24 గంటలు కదలకుండా ఉండే అంకె, రక్తం తీసిన క్షణానిది కాదు.

వెంకటరమణ
ల్యాబులో కూర్చునే మా మీద పడే నింద గురించి కూడా ఒక మాట. శాంపిల్ ఎక్కడో పొద్దున్నే తీస్తారు, బండి వచ్చేది ఎప్పుడో. ట్యూబు మీద తీసిన టైము రాయరు. రిపోర్టు తక్కువ వచ్చిందని డాక్టరు ఫోన్ చేస్తే "మీ మిషన్ సరిగ్గా లేదు" అంటారు. మిషన్‌కు పొద్దున కంట్రోల్ వేశాం, సరిపోయింది. తప్పు మిషన్ దగ్గరికి రాకముందే జరిగింది. చేతికి వచ్చిన ట్యూబు చూస్తే అది గంట కిందటిదో నాలుగు గంటల కిందటిదో నాకు తెలిసే దారి లేదు.

ఇంకొకటి. రక్తం పడగానే ట్యూబును ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులుగా తిప్పాలి. తిప్పకపోతే ఫ్లోరైడ్ పొడి అడుగునే ఉండిపోతుంది. అలాంటివి రోజూ వస్తాయి.

నరసింహం
నా విషయం వినండి. ఇంట్లో పరగడుపున మీటరుతో చూసుకుంటే 128. అప్పుడే ఇంటికి వచ్చిన అబ్బాయి రక్తం తీసుకెళ్ళాడు. ల్యాబు రిపోర్టు 113. మీకు షుగర్ లేదని పంపించేశారు. ఆ అబ్బాయి నా తర్వాత ఇంకా ఎన్ని ఇళ్ళు తిరిగాడో! అప్పుడే సరిగ్గా చూసి ఉంటే ఇన్నాళ్ళు నేను జాగ్రత్త లేకుండా ఉండేవాణ్ణా? ల్యాబులన్నీ ఇంతే.

పద్మజ
నరసింహం గారూ, ఆలస్యం కారణమై ఉండవచ్చు. కానీ ఆ రెండు అంకెలతో దాన్ని నిరూపించలేం. ఇళ్ళలో వాడే మీటర్లకు ఉన్న ప్రమాణమే ఆ స్థాయిలో 15 శాతం అటూ ఇటూ పోనిస్తుంది. నిజంగా 115 ఉన్నా మీ మీటరు 128 చూపించవచ్చు. అదే పూట తీసిన హెచ్‌బీఏ1సీ ఉంటే చూడండి. ట్యూబు ఎంతసేపు ఆగినా ఆ పరీక్ష ఇలా పడిపోదు.

నరసింహం
అది తీయలేదు. తీయమని ఎవరూ చెప్పలేదు కూడా.

సుధాకర్
పద్మజ గారు మెట్లన్నీ లెక్కపెట్టి చెప్పారు, బాగుంది. తగ్గేది ఎంత? 300 ఉన్నవాడికి గంటకు 7 శాతం అంటే 21 పోతుంది, అదీ ఫ్లోరైడ్ లేకపోతే. అయినా అతను షుగర్ రోగే. వైద్యం మారుతుందా?

పద్మజ
300 ఉన్నవారికి 21 పోదు. హెక్సోకైనేజ్‌కు చాలా తక్కువ గ్లూకోజ్ ఉన్నా చాలు, నిండుగా పనిచేస్తుంది. గ్లూకోజ్ ఎక్కువైందని దాని వేగం పెరగదు. 100 ఉన్నా 300 ఉన్నా గంటకు పోయేది ఇంచుమించు అన్నే మిల్లీగ్రాములు, మామూలుగా 5 నుంచి 10 లోపు. గదిలో వేడి ఎక్కువైతే పెరుగుతుంది. తెల్లకణాలు విపరీతంగా పెరిగిన లుకేమియా రోగిలో మరీ పెరుగుతుంది. అలాంటి రోగి నిక్షేపంగా మాట్లాడుతూ ఉంటే రిపోర్టులో 30 అని వచ్చిన సందర్భాలున్నాయి.

వైద్యం మారదన్నారు కదా, మాధవి గారు అడిగిన దాన్నే చూద్దాం. పరగడుపున గర్భిణికి గీత 92 దగ్గర ఉంది. ఒకామెకు ఏడు గంటలకు రక్తం తీశారు, నిజమైన విలువ 95 అనుకోండి. మూడో శాంపిల్ తొమ్మిదింటికి తీశారు. ట్యూబులన్నీ తొమ్మిదిన్నరకు సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్ళాయి. మొదటి ట్యూబు రెండున్నర గంటలు ఆగింది. ఫ్లోరైడ్ ఉన్నా ఆలోగా 5 శాతం పోవడం మామూలే. రిపోర్టు 90. ఆమెకు మధుమేహం లేదని ఇంటికి పంపుతారు.

గంట తర్వాతి ట్యూబు ఆగింది గంటన్నర, దాని గీత 180. రెండు గంటల ట్యూబు ఆగింది అరగంట, దాని గీత 153. అంటే అన్నిటికంటే చిన్న గీత ఉన్న ట్యూబే అన్నిటికంటే ఎక్కువసేపు ఆగుతోంది. 5 మిల్లీగ్రాములు 180 దగ్గర కంటే 92 దగ్గర ఎంత పెద్దవో చూడండి.

లలిత
మా దగ్గరా ఇదే పద్ధతి. చదువుతుంటే గుండె ఝల్లుమంది.

సుధాకర్
ఐతే ఏం చేయమంటారు? ప్రతి ట్యూబునూ ఐసులో పెట్టి అరగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పమంటారా? అది పుస్తకంలో రాసుకోవడానికి బాగుంటుంది. శాంపిళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చే ల్యాబును ఒక్క వారం నడిపి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

పద్మజ
నేను నడపలేదని మీకెవరు చెప్పారు? ఐసు నీళ్ళలో పెట్టి, అరగంటలో ప్లాస్మా వేరు చేయడం అన్నిటికంటే మంచి పద్ధతి. కుదరనిచోట సిట్రేట్ ఉన్న ట్యూబు వాడాలి. సిట్రేట్ రక్తాన్ని ఆమ్లంగా మారుస్తుంది. దానితో మొదటి మెట్టులో ఉన్న హెక్సోకైనేజ్, మూడో మెట్టులో ఉన్న ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ వెంటనే నెమ్మదిస్తాయి. రెండు గంటలాగినా పోయేది ఒక శాతంలోపే. ఫ్లోరైడ్ అందులోనూ ఉంటుంది, తర్వాతి గంటల కోసం.

వెంకటరమణ
సిట్రేట్ ద్రవంగా ఉన్నది వాడితే రక్తం పలచబడుతుంది, గుణకం వేయాలి. పొడిగా ఉన్నది గట్టిగా తిప్పకపోతే కరగదు. ట్యూబు మార్చగానే సమస్య తీరిపోతుందని అనుకోవద్దు.

సుధాకర్
అసలు సంగతి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి నేనే చెబుతాను. సిట్రేట్ ట్యూబుకు మారినచోట్ల గర్భిణుల్లో మధుమేహమని తేలేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. ఆ స్త్రీలకు నిన్నటిదాకా జబ్బు లేదు, ట్యూబు మారగానే వచ్చింది. వాళ్ళకు ఆహార నియమాలు, వేలికి సూదులు, అవసరమైతే ఇన్సులిన్, ఇంట్లోవాళ్ళ భయం. మీరు ట్యూబు గురించి మాట్లాడుతున్నారు, నేను వాళ్ళ గురించి అడుగుతున్నాను. గీతలు గీసినప్పుడు వాడిన పద్ధతి వేరు, ఇప్పుడు కొలిచే పద్ధతి వేరు అయితే ఎవరిది తప్పు?

పద్మజ
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు. గర్భిణుల గీతలకు ఆధారం 2008లో ఫలితాలు వెలువడిన హాపో అధ్యయనం. అందులో ట్యూబులను వెంటనే ఐసులో పెట్టారు. కాబట్టి 92 అనేది తగ్గకుండా కాపాడిన రక్తం మీద గీసిన గీత. బల్ల మీద ఆగిన రక్తాన్ని దానితో పోల్చడమే అసలు పొరపాటు. ట్యూబు మార్చినప్పుడు బయటపడేవాళ్ళు కొత్త రోగులు కారు, ఇన్నాళ్ళూ మనం చూడనివాళ్ళు.

గర్భం లేని పెద్దలకు వాడే 126 విషయంలో మాత్రం మీ వాదనకు బలముంది. దాని వెనక ఉన్న అధ్యయనాలన్నిటిలో రక్తాన్ని ఒకేలా దాచలేదు. అక్కడ సిట్రేట్‌కు మారితే గీత కూడా మార్చాలా అన్నది తేలని విషయమే.

సుధాకర్
గర్భిణుల విషయంలోనూ నేను పూర్తిగా ఒప్పుకోను. 93 వచ్చినామెకూ 110 వచ్చినామెకూ ఒకే పేరు పెట్టడం నాకు నచ్చదు. కానీ ట్యూబు బల్ల మీద ఉంచడాన్ని దానికి మందుగా వాడకూడదని మీరంటే, ఆ మాట కాదనలేను.

మాధవి
నాకు కావలసింది ఒక్కటే. మా దగ్గర సిట్రేట్ ట్యూబులు లేవు. రేపు ఉదయం నేనేం చేయాలి?

వెంకటరమణ
సెంట్రిఫ్యూజ్ దగ్గరలో ఉంటే మొదటి ట్యూబు చివరిదాని కోసం ఆగకూడదు. తీసిన వెంటనే ఐసు ముక్కలూ నీళ్ళూ కలిపిన గిన్నెలో నిలబెట్టండి. ఐసు మాత్రమే పోస్తే ట్యూబు చుట్టూ ఖాళీలుంటాయి, సరిగ్గా చల్లబడదు. అరగంటలోపు తిప్పించి ప్లాస్మా వేరే ట్యూబులోకి తీయించండి. అప్పుడు అది సాయంత్రం వరకూ ఆగినా కణాలు లేవు కాబట్టి తగ్గదు. ప్రతి ట్యూబు మీద తీసిన టైము, తిప్పిన టైము రెండూ రాయండి.

మీ సీనియర్ నమ్మకపోతే, ఒప్పుకున్న వాళ్ళ దగ్గర ఒకే సూదితో రెండు ఫ్లోరైడ్ ట్యూబులు తీయండి. ఒకటి ఇలా, రెండోది మీరు ఇప్పుడు ఉంచుతున్నట్టే బల్ల మీద. రెండూ ఒకే మిషన్ మీద ఒకే విడతలో వేయించండి. ఒకరిద్దరితో తేల్చకండి, మిషన్‌కు కూడా ఒకటి రెండు అంకెల తేడా ఉంటుంది. పదిమందిలోనూ బల్ల మీది ట్యూబే తక్కువ వస్తే అది మిషన్ తేడా కాదు.

మాధవి
సెంట్రిఫ్యూజ్ కింద అంతస్తులో ఉంది. అడుగుతాను.