అప్‌డేట్: గేర్ల కంపెనీ ప్రకటన ఏ శక్తిని మార్చింది?

నా ప్రశ్న: పోర్టర్ ఐదు శక్తులతో, అంటే ఒక పరిశ్రమలో లాభాన్ని నిర్ణయించే ఐదు ఒత్తిళ్లతో, విశ్లేషించమని క్లాసులో ఇచ్చిన కేసు ఇది. సైకిల్ కంపెనీలన్నీ గేర్లు కొనే పెద్ద సంస్థ, ఇకపై తానే సైకిళ్లు తయారుచేస్తానని ప్రకటించింది. ఇది కొత్తవాళ్ల ప్రవేశ ముప్పా, సరఫరాదారుల బేరశక్తా?

అప్‌డేట్: సరఫరాదారుల బేరశక్తి అనే రాసిచ్చాను. కేసులో ఆ సంస్థ సైకిల్ ఒక్కటీ మార్కెట్లోకి రాలేదు. కానీ ప్రకటన తర్వాత గేర్ల ధర 8 శాతం పెంచితే, కంపెనీలు కిమ్మనకుండా కట్టాయి. అంటే లాభం ఖర్చు వైపు నుంచి కరుగుతోంది. ప్రవేశ ముప్పే అయితే సైకిళ్ల ధర తగ్గించాలన్న ఒత్తిడి కనిపించాలి, అది ఎక్కడా లేదు.

ప్రవేశానికి అడ్డంకులేమైనా తగ్గాయా అని మా సార్ అడిగారు (మంచి ప్రశ్నే). ఫ్యాక్టరీ పెట్టుబడి, డీలర్ల నెట్‌వర్క్ అలాగే ఉన్నాయి, ఇంకెవరికీ దారి సులువు కాలేదు. ఆ సంస్థ నిజంగా అమ్మకాలు మొదలుపెడితే మాత్రం పోటీ కూడా పెరుగుతుంది. దాన్ని విడిగా, షరతుతో రాశాను.